గుడి మైక్ సెట్‌లో పెడితే కోరస్ మాయం. తప్పు నా మిక్స్‌దా, వాళ్ల హారన్లదా?

కొబ్బరితోట_రికార్డింగ్
మా ఊరి అమ్మవారి జాతరకి పాట చేశాను. మాది అంబాజీపేట దగ్గర. పెంకుటింట్లో వెనక గది, గోడలకి పరుపులు కట్టుకున్న స్టూడియో. ఒక మగ గొంతు, ముగ్గురు ఆడవాళ్ల కోరస్, డప్పు, కీబోర్డులో హార్మోనియం, బేస్. అంతే పాట. హెడ్‌ఫోన్స్‌లో వింటే కోరస్ రెండు చెవులకీ బయట నుంచి వస్తున్నట్టు ఉంటుంది, నాకే ముచ్చటేసింది.

నిన్న సాయంత్రం గుడి దగ్గర పెట్టారు. రావిచెట్టుకి కట్టిన హారన్లలో మగ గొంతు శుభ్రంగా వచ్చింది. కోరస్ మాత్రం కాలవ అవతల ఊళ్లో ఎవరో పాడుతున్నట్టు. డప్పు ఐతే నూనె డబ్బా మీద పుల్లతో కొట్టినట్టు. కోరస్ పాడిన మా పిన్ని అందరి ముందూ "నా గొంతేదిరా?" అంది. మైక్ సెట్ ఆయన "నీ పాటే అంత" అంటాడు. ఆయన హారన్లు పాతవని నేను అంటాను. ఎవరిది తప్పో తేల్చేదెలా?

గోదారి_గట్టు
పిన్నిది తప్పు. మైక్‌కి దూరంగా నిలబడి ఉంటుంది 😀

హెడ్‌ఫోన్_హరి
ఇది ఫేజ్ ప్రాబ్లం. మాస్టర్ మీద ఫేజ్ బటన్ ఉంటుంది, నొక్కెయ్. సాల్వ్.

వెంకట్_ద్రాక్షారామం
మా గుడిలోనూ ఇదే గోల. మైక్ ముందు హారన్ ఉంటే కూత వస్తుంది. హారన్ల మూతి మైక్ వైపు లేకుండా తిప్పి కట్టించండి, వాల్యూమ్ కొంచెం తగ్గించండి. పోతుంది.

కొబ్బరితోట_రికార్డింగ్
వెంకట్ గారూ, కూత కాదండి. పెన్‌డ్రైవ్‌లో పెట్టిన పాట. మైక్ అసలు ఆన్‌లోనే లేదు.

హరి, మాస్టర్ మీద నొక్కి చూశాను. ఏమీ మారలేదు. హెడ్‌ఫోన్స్‌లోనూ తేడా లేదు, ఫోన్‌లోనూ లేదు.

పాత_టేపు
మారదు. మాస్టర్ మీద నొక్కితే ఎడమా కుడీ రెండూ కలిసి తిరగబడతాయి. ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగితే వాళ్ల మధ్య తేడా ఏముంటుంది? గొడవ ఎప్పుడూ ఒకదానికీ ఇంకోదానికీ మధ్యనే.

మందు వేసే ముందు రోగం చూద్దాం. రెండు సంగతులు చెప్పు. కోరస్‌ని అంత వెడల్పుగా ఎలా చేశావు? డప్పుకి ఎన్ని మైకులు, ఎక్కడ పెట్టావు?

కొబ్బరితోట_రికార్డింగ్
కోరస్ ఒకటే టేక్ అండి. ముగ్గురూ ఒకే మైక్ చుట్టూ నిలబడి పాడారు. ఆ ట్రాక్‌ని కాపీ చేసి, ఒకటి పూర్తిగా ఎడమకి, ఇంకోటి పూర్తిగా కుడికి పాన్ చేశాను. అప్పటికీ మధ్యలోనే వినిపించింది. కుడి దాని పొలారిటీ తిరగేస్తే వెడల్పు వస్తుందని ఒక వీడియోలో చూసి అలా చేశాను. నిజంగానే వచ్చింది. రివర్బ్‌కి మాత్రం అసలు ట్రాక్ నుంచే పంపాను.

డప్పుకి రెండు మైకులు. ముందు ఒకటి, జానెడున్నర దూరంలో. వెనక ఒకటి, మూడు జానల దూరంలో. ముందుది ఎడమకి, వెనకది కుడికి.

పాత_టేపు
దొరికావు 🙂

ఆ హారన్లన్నీ ఒకే ఆంప్లిఫైయర్ మీద ఉంటాయి. నీ పాట ఎడమా కుడీ కలిసిపోయి ఒకటిగా, అంటే మోనోగా వెళ్తుంది. నీ కోరస్‌లో ఎడమన ఉన్నదే కుడిన తలకిందులుగా ఉంది. ఒక పక్క ప్లస్ అన్నప్పుడు ఇంకో పక్క అంతే మైనస్. కలిపితే సున్నా. తగ్గడం కాదు, పూర్తిగా పోతుంది. మరి కాలవ అవతల నుంచి వినిపించింది ఏమిటంటే నీ రివర్బ్. దాన్ని అసలు ట్రాక్ నుంచే పంపావు కాబట్టి అది బతికిపోయింది. అసలు గొంతు పోయి, గొంతు తాలూకు గది మోత మిగిలితే ఎవరికైనా దూరంగానే ఉన్నట్టుంటుంది.

డప్పు సంగతి వేరు. అక్కడ నువ్వు ఏ బటనూ నొక్కలేదు, డప్పే తిరగేసింది. దెబ్బ పడగానే తోలు ముందు మైక్ నుంచి దూరంగా కదులుతుంది, అదే క్షణంలో వెనక మైక్ వైపు వస్తుంది. రెండు మైకులకీ ఎదురెదురు సంగతులు చేరతాయి. కలిపితే కింది మోత కొట్టుకుపోయి పైన టకటక మిగులుతుంది.

హెడ్‌ఫోన్_హరి
అదే కదా నేను చెప్పింది, ఫేజ్ అని.

పాత_టేపు
చెప్పావు నాయనా. ఊరు సరిగ్గానే చెప్పావు, ఇంటి నంబరే తప్పు చెప్పావు.

సౌండ్_సర్వీస్_రావులపాలెం
మాస్టారూ, ఒక్క మాట. నేను ఇరవయ్యేళ్లుగా మైక్ సెట్లు కడుతున్నాను. అన్ని చోట్లా ఎడమా కుడీ కలిసే వెళ్తాయని చెప్పలేం. కొంతమంది కుర్రాళ్లు ఫోన్ వైరు తెచ్చి ఎక్కడ పడితే అక్కడ దూర్చేస్తారు. ఒక్కోచోట ఎడమ ఒక్కటే పోతుంది. ఒక్కోచోట ఇంకా విచిత్రం జరుగుతుంది. పాట చేసినవాడిదే తప్పని ముందే తేల్చకండి. మా వాళ్లదే అని కూడా తేల్చకండి, ఆయ్.

సత్య_స్వరాలు
ఆ విచిత్రం నాకు జరిగింది! భీమవరంలో పెళ్లి రిసెప్షన్‌కి నేను పాడిన పాటే పెట్టారు, పెళ్లికూతురు నా ఫ్రెండ్. వయొలిన్లు వస్తున్నాయి, రివర్బ్ వస్తోంది, నా గొంతు లేదు. కరోకే ట్రాక్ పెట్టారేమో అనుకుని స్టేజి ఎక్కి లైవ్‌లో పాడేశాను. తర్వాత అదే ఫైల్ ఫోన్‌లో వింటే గొంతు బ్రహ్మాండంగా ఉంది. ఇప్పటికీ ఎందుకో తెలీదు. నాది కూడా ఈ పిన్ని గారి కేసేనా?

పాత_టేపు
కాదమ్మా, సరిగ్గా దానికి ఉల్టా. పిన్ని గారి కేసులో పక్కలవి పోయి మధ్యది మిగిలింది. నీ కేసులో మధ్యది పోయి పక్కలవి మిగిలాయి. నీ మిక్స్‌లో తప్పు లేదు, వైరులో ఉంది.

ఫోన్ నుంచి వచ్చే స్టీరియో జాక్‌కి మూడు పట్టీలుంటాయి. కొనన ఎడమ, మధ్యలో కుడి, చివర గ్రౌండ్. మిక్సర్ మీద ఉండే బాలన్స్‌డ్ ఇన్‌పుట్‌కి కూడా అదే ఆకారం జాక్ పడుతుంది. కానీ ఆ ఇన్‌పుట్ రెండిటినీ కలపదు, కొన మీద వచ్చినదాంట్లోంచి మధ్య పట్టీ మీద వచ్చినదాన్ని తీసేస్తుంది. వైరు దారిలో దూరిన హమ్ రెండు తీగల్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి అలా తీసేస్తే పోతుందని దాని ఉద్దేశం. నీ గొంతు కూడా రెండు వైపులా ఒకేలా ఉంది. హమ్ అనుకుని నిన్ను తీసేసింది.

గోదారి_గట్టు
సత్య గారి గొంతుని హమ్ అనుకున్న మిక్సర్ 😂 దాన్ని గోదాట్లో కలిపెయ్యండి

సత్య_స్వరాలు
ఇన్నేళ్లూ ఆ సౌండ్ కుర్రాడిని తిట్టుకున్నాను. తిట్టుకున్నది కరెక్టే అన్నమాట.

కొబ్బరితోట_రికార్డింగ్
అయితే గుడిలో ఎలా వెళ్తోందో తేల్చుకునే దారి ఏదైనా ఉందా? ఆంప్లిఫైయర్ వెనక చెయ్యి పెడితే ఆయన ఊరుకోడు.

పాత_టేపు
వెనక చూడక్కర్లేదు. నాలుగు మాటల ఫైల్ ఒకటి చేసుకో. నీ గొంతుతోనే నాలుగు మాటలు చెప్పు. "ఎడమ" అన్న మాట ఎడమ చానెల్‌లో మాత్రమే పెట్టు. "కుడి" అన్నది కుడిలో మాత్రమే. "మధ్య" అన్నది రెండిట్లోనూ ఒకేలా. నాలుగోది "తిరగలి". అది రెండిట్లోనూ ఉండాలి, కానీ కుడి పక్క పొలారిటీ తిరగేసి. అన్నీ ఒకే మట్టంలో ఉండనీ, మధ్యలో రెండేసి సెకన్లు ఖాళీ వదులు. రివర్బ్ లాంటివేమీ వెయ్యకు. ఎంపీ3 కాకుండా వేవ్ ఫైల్‌గా తీసుకెళ్లు.

గుడి దగ్గర పెట్టి విను. తిరగలి ఒక్కటే వినపడకపోతే ఎడమా కుడీ కలుస్తున్నాయి, తప్పు నీ మిక్స్‌ది. కుడి ఒక్కటే వినపడకపోతే వాళ్లు ఎడమ వైరు మాత్రమే తగిలించారు. మధ్య ఒక్కటే మాయమైతే సత్యమ్మ కేసు.

వెంకట్_ద్రాక్షారామం
ఇది బాగుంది. నేను కూత అనుకున్నాను, క్షమించాలి. మోనో అంటే ఏకపాత్రాభినయం అనుకునే కాలం వాడిని.

భీమవరం_బీట్స్
మోనో గీనో అని ఈ రోజుల్లో ఎవరు చూస్తున్నారు అన్నా. అందరూ ఇయర్‌ఫోన్సే. నా ట్రాకులకి కోరిలేషన్ మీటర్ పెట్టుకుంటా, సున్నాకి పైన ఉంటే ఓకే. అంతే. ఇంత టెన్షన్ అక్కర్లేదు.

కొబ్బరితోట_రికార్డింగ్
బ్రో, అదే నా బాధ. నాకూ మీటర్ ఉంది. పాట మొత్తం ప్లస్ 0.6 దగ్గర తిరుగుతోంది. ఒక్కసారి కూడా మైనస్‌కి పోలేదు.

పాత_టేపు
పోదు. మీటర్ మొత్తం పాటని చూస్తుంది. మధ్యలో మగ గొంతు, బేస్ గట్టిగా ఉన్నాయి. అవి రెండు వైపులా ఒకటే కాబట్టి సూదిని ప్లస్ వైపు లాగేస్తాయి. కోరస్ తక్కువ మట్టంలో ఉంది, అది పూర్తిగా తలకిందులుగా ఉన్నా సూది కొంచెమే దిగుతుంది. కోరస్‌ని సోలో చేసి మీటర్ చూడు, మైనస్ 1 కి అతుక్కుని ఉంటుంది.

మీటర్ వద్దనను. పాట మొత్తం మైనస్‌లో కూర్చుంటే అది అరుస్తుంది, అంతవరకు పనికొస్తుంది. ఒక్క వాయిద్యం పోతే చెప్పదు. చెవే చెప్పాలి. రీపర్‌లో అయితే మాస్టర్ మీద మోనో బటన్ ఉంది. కోరస్ వచ్చే చోట మోనో, స్టీరియో, మోనో, స్టీరియో అని మార్చుతూ ఒక్కో వాయిద్యాన్నే పట్టుకుని విను. పాట మొత్తాన్ని ఒకేసారి వినకు. అలా వింటే ఏదో ఇరుకైందనే అనిపిస్తుంది తప్ప ఏది పోయిందో తెలీదు.

లంక_కుర్రాడు
నా దగ్గర ఉన్న సాఫ్ట్‌వేర్‌లో మోనో బటన్ లేదు. కమాండ్ లైన్ వాడేవాళ్ల కోసం నేను చేసేది పెడుతున్నా. మొదటిది కలిపిన ఫైల్, రెండోది తేడా మాత్రమే ఉండే ఫైల్.

```
ffmpeg -i pata.wav -ac 1 mono.wav
ffmpeg -i pata.wav -af "pan=mono|c0=0.5*c0+-0.5*c1" side.wav
```

రెండోదాన్ని వినడం నాకు ఇంకా ఇష్టం. మోనోలో ఏవి పోతాయో అవన్నీ అందులో బయటపడతాయి. ఒక వాయిద్యం side.wav లో ఉండి mono.wav లో లేకపోతే అదే దొంగ.

కొబ్బరితోట_రికార్డింగ్
లంక తమ్ముడూ, ఇప్పుడే చేశాను. side.wav లో మా పిన్ని కచేరీ చేస్తోంది. మగ గొంతు అసలు లేదు, దాని రివర్బ్ మాత్రం గాల్లో తేలుతోంది. mono.wav లో పిన్ని లేదు.

రేపు సాయంత్రం నాలుగు మాటల ఫైల్ పట్టుకుని గుడికి వెళ్తాను.

హెడ్‌ఫోన్_హరి
ఫోన్ స్పీకర్‌లో వింటే చాలదా? అది మోనోయే కదా. గుడిదాకా ఎందుకు.

సౌండ్_సర్వీస్_రావులపాలెం
ఇప్పటి ఫోన్లు చాలావాటికి కింద ఒక స్పీకర్, పైన చెవి దగ్గర ఇంకోటి. అది బుల్లి స్టీరియో. రెండూ గాల్లో కలుస్తాయి కానీ వైరులో కలిసినంత కచ్చితంగా కలవవు. అందుకే తలకిందులైన కోరస్ ఫోన్‌లో సన్నగా వినిపిస్తుంది కానీ పూర్తిగా చావదు. అది విని బాగుందనుకుంటే గుడిలో దొరికిపోతారు. ఆండ్రాయిడ్‌లో అయినా ఐఫోన్‌లో అయినా యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో మోనో ఆడియో ఉంటుంది. అది ఆన్ చేసి హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి.

కొబ్బరితోట_రికార్డింగ్
వెళ్లొచ్చాను. మైక్ సెట్ ఆయన మొదట అనుమానంగా చూశాడు, తర్వాత ఆయనకే సరదా వేసింది. హారన్లలో "ఎడమ" వచ్చింది. "కుడి" వచ్చింది. "మధ్య" ఇంకా గట్టిగా వచ్చింది. తర్వాత నిశ్శబ్దం. చెట్టు మీద కాకి అరిచింది తప్ప "తిరగలి" రాలేదు. అరుగు మీద కూర్చున్న తాతగారు "ఎడమా కుడీ ఏంట్రా, కవాతు చేయిస్తున్నావా" అన్నాడు.

తప్పు నాదే. ఆయనకి చెప్పేశాను, టీ కూడా ఇప్పించాను.

గోదారి_గట్టు
టీతో పోయింది. పిన్నికి చీర పెట్టాలి.

కొబ్బరితోట_రికార్డింగ్
ఇప్పుడు సరిచేయడం దగ్గర ఆగిపోయాను. కుడి కోరస్ పొలారిటీ మామూలుగా పెట్టేస్తే మోనోలో పిన్ని వచ్చేసింది. కానీ స్టీరియోలో వెడల్పు మొత్తం పోయి మగ గొంతు నెత్తి మీదకి వచ్చి కూర్చుంది. కుడి కాపీని 18 మిల్లీసెకన్లు వెనక్కి జరిపి చూశాను. హెడ్‌ఫోన్స్‌లో మళ్లీ వెడల్పు వచ్చింది. మోనోలో గొంతు మాయం కాలేదు కానీ ప్లాస్టిక్ బిందెలో తల పెట్టి పాడినట్టుంది.

పాత_టేపు
రెండూ అనుకున్నట్టే జరిగాయి. ఒకే ట్రాక్ రెండు వైపులా ఒకేలా ఉంటే అది మధ్యే. ఎంత పాన్ చేసినా మధ్యే. జరిపితే ఏమవుతుందంటే, 18 మిల్లీసెకన్ల ఆలస్యంలో కొన్ని స్వరాలు సరిగ్గా ఎదురొచ్చి కొట్టుకుపోతాయి, కొన్ని కలిసి పెరుగుతాయి. సుమారు 55 హెర్ట్జ్‌కి ఒకటి చొప్పున కింద నుంచి పైదాకా గుంటలు పడతాయి. దువ్వెన పళ్లలాగా. నీ బిందె అదే. ఎన్ని మిల్లీసెకన్లు మార్చినా గుంటలు జరుగుతాయి తప్ప పోవు.

దారి ఒకటే. పిన్నిని మళ్లీ పిలిచి ఇంకోసారి పాడించు. మొదటి టేక్ ఎడమ, రెండో టేక్ కుడి. మనిషి రెండుసార్లు ఒకేలా పాడలేడు. అచ్చులో, శ్వాసలో, శ్రుతిలో వెంట్రుకవాసి తేడాలుంటాయి. అందుకే కొట్టుకుపోవు, వెడల్పు కూడా నిజంగా వస్తుంది.

భీమవరం_బీట్స్
లేదా స్టీరియో వైడెనర్ ప్లగిన్ వెయ్యి. పిన్నిని ఇబ్బంది పెట్టడం ఎందుకు.

పాత_టేపు
బీట్స్ బాబూ, ఆ ప్లగిన్లలో చాలావరకు లోపల చేసేది ఇతను చేతితో చేసిందే. ఏదో ఒక పక్క ఆలస్యం, లేదా తేడా భాగాన్ని పెంచడం. కొన్ని మోనోలో బాగానే ఉంటాయి, కొన్ని బిందెలో దింపుతాయి. వెయ్యి, కానీ వేసి మోనో నొక్కి చూడు.

కొబ్బరితోట_రికార్డింగ్
డప్పు సంగతి కూడా చెప్పండి మాస్టారూ. వెనక మైక్ పొలారిటీ తిరగేశాను. మోనోలో బరువు వచ్చింది, సిర్ర దెబ్బ ఇప్పుడు దెబ్బలా ఉంది. కానీ పూర్తిగా బాలేదు. మధ్యలో ఏదో బోలుగా ఉంది.

పాత_టేపు
ముందు మైక్ జానెడున్నర, వెనక మైక్ మూడు జానలు అన్నావు. తేడా జానెడున్నర, అంటే 34 సెంటీమీటర్లు అనుకో. శబ్దం ఒక మిల్లీసెకన్‌లో సుమారు అంతే దూరం పోతుంది. కాబట్టి దెబ్బ వెనక మైక్‌కి ఒక మిల్లీసెకన్ ఆలస్యంగా చేరుతోంది. పొలారిటీ సరిచేశాక మొదటి గుంట 500 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. నీకు బోలుగా వినిపించేది అదే. బటన్ తిరగేయడం తప్ప ఇంకేమీ చేయలేదు, ఆలస్యాన్ని తుడవలేదు. వెనక ట్రాక్‌ని ఒక మిల్లీసెకన్ ముందుకు జరుపు, 48 కిలోహెర్ట్జ్ ప్రాజెక్ట్ అయితే 48 శాంపిళ్లు. కొలత నమ్మకు, మోనోలో వింటూ నాలుగైదు శాంపిళ్లు అటూ ఇటూ జరుపు. ఎక్కడ లావుగా ఉంటే అక్కడ ఆపు.

సౌండ్_సర్వీస్_రావులపాలెం
ఇదంతా చేశాక కూడా హారన్‌లో డప్పు బరువు వినపడదు, ముందే చెప్తున్నా. హారన్ 300, 400 హెర్ట్జ్ కింద పెద్దగా పలకదు. ఇందాక నూనె డబ్బా అన్నారే, దాంట్లో సగం ఫేజ్ అయితే సగం మా హారన్. తర్వాత వచ్చి మళ్లీ మైక్ సెట్ ఆయన మీద పడొద్దు.

కొబ్బరితోట_రికార్డింగ్
మరి ఏది దేనివల్లో ఎలా విడదీయాలి?

పాత_టేపు
రావులపాలెం ఆయన సరైన చోట పట్టుకున్నారు. రెండు పరీక్షలు కలిపి చెయ్యకు. ముందు మంచి హెడ్‌ఫోన్స్‌లో మోనో నొక్కి విను. అక్కడ డప్పు బరువు తగ్గితే అది ఫేజ్. అక్కడ బాగానే ఉండి చిన్న స్పీకర్‌లో మాత్రమే తగ్గితే అది స్పీకర్ చేతగానితనం. దాన్ని ఫేజ్ బటన్లతో బాగుచేయలేవు, మిక్స్‌లోనే ఆలోచించాలి. డప్పుకి చిటికెన పుల్ల చప్పుడు, సిర్ర తోలు మీద పడే చప్పుడు 1, 2 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటాయి. హారన్‌లో డప్పుని గుర్తుపట్టేది వాటితోనే. అవి గొంతు కింద నలిగిపోతున్నాయేమో చూడు. బేస్ కూడా అంతే. కింద మోత పెంచితే చిన్న స్పీకర్‌కి ఏమీ అందదు, కొంచెం డిస్టార్షన్ వేసి పై హార్మోనిక్స్ పుట్టిస్తే అందుతుంది.

బ్యాలెన్స్‌కి నేను చేసేది చెప్తాను. ఒకే ఒక్క చిన్న స్పీకర్, మోనో, పక్కన మనిషి మాట్లాడితే వినపడేంత తక్కువ వాల్యూమ్. రెండు స్పీకర్లలో మోనో పెట్టకు, రెండిటి మధ్యా తల కదిలిస్తే మళ్లీ రంగు మారుతుంది. వెనకటికి స్టూడియోల్లో ఇందుకే ఆరాటోన్ అని చిన్న చెక్కపెట్టె లాంటి స్పీకర్ ఉండేది. ఒకే కోన్, బేస్ లేదు, మెరుపు లేదు. అందులో మాట అర్థమైతే బయట ఎక్కడైనా అర్థమవుతుంది.

లంక_కుర్రాడు
నేను పాత ల్యాప్‌టాప్‌లోంచి ఊడదీసిన స్పీకర్‌ని కొబ్బరి చిప్పలో పెట్టి చేసుకున్నా. నవ్వకండి, పని చేస్తోంది.

గోదారి_గట్టు
కోనసీమ ఆరాటోన్ 🥥

కొబ్బరితోట_రికార్డింగ్
ఆదివారం అప్‌డేట్. పిన్ని రెండోసారి పాడింది. మిగతా ఇద్దరిలో ఒకావిడ ఊళ్లో లేదు, మా చెల్లి కలిసింది. కొత్త టేక్ కుడిలో పెట్టాను. మోనో నొక్కినా కోరస్ ఉంది. డప్పు 45 శాంపిళ్ల దగ్గర బాగా కూర్చుంది.

ఒక అనుమానం. మోనోలో కోరస్ ఉంది కానీ స్టీరియోలో కంటే కొంచెం వెనక్కి పోయినట్టుంది. ఇంకా ఏదో ఫేజ్ మిగిలిందా?

పాత_టేపు
లేదు, అది లెక్క. మగ గొంతు రెండు వైపులా ఒకటే కాబట్టి కలిపితే 6 డీబీ పెరుగుతుంది. రెండు వేరు టేకులు కలిస్తే సుమారు 3 పెరుగుతుంది. అంటే మోనోలో పక్కలవి మధ్యదానితో పోలిస్తే 3 డీబీ వెనక్కి పోతాయి. ఆరోగ్యంగా ఉన్న మిక్స్‌లో కూడా పోతాయి. అంతకంటే బాగా ఎక్కువ పోతేనే అనుమానపడు.

హెడ్‌ఫోన్_హరి
అయితే కోరస్ 3 డీబీ పెంచేస్తే సరి.

సత్య_స్వరాలు
అప్పుడు ఇయర్‌ఫోన్స్‌లో వినేవాళ్లకి కోరస్ మగ గొంతు మీద ఎక్కేస్తుంది హరీ. నేనైతే పాన్‌ని కాస్త లోపలికి తెస్తాను. పూర్తి ఎడమ కుడి కాకుండా ముప్పావు వరకు. తేడా తగ్గుతుంది.

పాత_టేపు
సత్యమ్మ చెప్పింది ఒక దారి. నేనైతే ఒక డీబీ, ఒకటిన్నర పెంచి వదిలేస్తాను. ఎక్కువమంది ఎక్కడ వింటారన్నదాన్ని బట్టి.

భీమవరం_బీట్స్
చూశారా, చివరికి ఎవరు ఎక్కడ వింటారన్న దగ్గరకే వచ్చారు. నా వాళ్లు ఇయర్‌ఫోన్స్‌లో వింటారు. నేను స్టీరియోకే చేస్తా, మోనోలో 3 కాదు 5 పోయినా నాకు పర్లేదు.

సౌండ్_సర్వీస్_రావులపాలెం
నీ పాట కూడా ఏదో ఒక రోజు ఆటోలో ఒక్క స్పీకర్ మీదో, కోటిపల్లి రేవులో పంటు మీద ఎవడి బ్లూటూత్ డబ్బాలోనో మోగుతుంది బాబూ. అప్పుడు నీ పాటని గుర్తుపట్టేది నువ్వొక్కడివే.

భీమవరం_బీట్స్
పంటు ఇంజన్ చప్పుడులో మోనో అయినా ఒకటే, స్టీరియో అయినా ఒకటే 😀

కొబ్బరితోట_రికార్డింగ్
ఒక డీబీ పెంచి, పాన్ ముప్పావుకి తెచ్చాను. రెండూ కొంచెం కొంచెం. నిన్న రాత్రి గుడిలో పెట్టారు. పిన్ని అరుగు మీద కూర్చుని మొత్తం వింది. "ఇప్పుడు నా గొంతు ఉంది, కానీ మీ చెల్లి శ్రుతి పోయిందిరా" అంది. దానికి ఏ బటన్ నొక్కాలి?

గోదారి_గట్టు
మ్యూట్.

సౌండ్_సర్వీస్_రావులపాలెం
ఆ నాలుగు మాటల ఫైల్ నేనూ చేసుకుని మా షెడ్‌లో ఉన్న నాలుగు సెట్ల మీద పెట్టి చూశాను. మూడిట్లో తిరగలి రాలేదు, అంటే కలుస్తున్నాయి, బాగానే ఉంది. నాలుగోదాంట్లో కుడి రాలేదు. జాక్ లోపల టంకం ఊడి ఉంది. ఎప్పుడు ఊడిందో ఏమో, పోయిన ఏడాది ప్రభల తీర్థానికి కూడా అదే సెట్ కట్టాను. విప్పి, రెండు తీగలకీ ఒక్కో కిలోఓమ్ రెసిస్టర్ వేసి కలిపి టంకం పెట్టాను. రెసిస్టర్లు లేకుండా తీగలు నేరుగా ముడేస్తే ఫోన్ ఎడమా కుడీ ఒకదాన్నొకటి లాక్కుంటాయి, అలా మాత్రం చేయకండి.

సత్య_స్వరాలు
పోయిన ఏడాది తీర్థంలో నా పాట కూడా పెట్టారు. కుడి పక్కన ఫ్లూట్ ఉంది దాంట్లో.

సౌండ్_సర్వీస్_రావులపాలెం
ఫ్లూట్ ఎవరూ అడగలేదమ్మా 🙏